ఆ గ్రాఫ్‌లో లేని గుట్ట

రెండేళ్లు. మా తమ్ముడి జబ్బు పేరు చెప్పే కాగితం వాడి ఫైల్లోనే రెండేళ్లు పడి ఉంది. ఎవరూ చూడలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇంత పొడుగు పోస్టు.

నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ సెక్షన్లో పని చేస్తాను. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. వయసు 34, కూకట్‌పల్లిలో అకౌంటెంటు. కాలేజీ రోజుల్లో రెండు మూడేళ్లు రోజుకి ఒకటో రెండో సిగరెట్లు కాల్చాడు, పెళ్లికి ముందే మానేశాడు. 28 ఏళ్లకి ఆయాసం మొదలైంది. అమీర్‌పేట్ మెట్రో మెట్లెక్కి పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ ఇచ్చారు. అది వాడిన రోజు కొంచెం తేలిక, అంతే. మధ్యలో ఎక్స్‌రేలో ఏదో నీడ కనిపిస్తే, కఫం పరీక్షలో ఏమీ లేకపోయినా ఆరు నెలలు టీబీ మందులు మింగించారు. ఒక మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో క్యూలో నిలబడి చేప మందు కూడా వేయించుకున్నాడు. పిన్ని మొక్కని దేవుడు లేడు.

ఆరేళ్లకి ఊపిరి పరీక్ష, అదే స్పైరోమెట్రీ, సరిగ్గా చేశారు. వాడి వయసుకీ ఎత్తుకీ మొదటి సెకనులో ఎంత గాలి బయటికి రావాలో అందులో 46 శాతమే వస్తోంది. మందు పీల్చాక కూడా పెద్దగా పెరగలేదు. ఆస్తమాలో మందు పీలిస్తే చాలామందికి మార్పు బాగా కనిపిస్తుంది. ఇక్కడ అది లేదు. తర్వాత తీసిన సీటీ స్కాన్‌లో తేలింది ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడలు కరిగిపోవడం. సీటీ రిపోర్టు రాసిన డాక్టరు గారు ఒక్క మాట ఎక్కువ రాశారు: రెండు వైపులా కింది భాగాల్లోనే ఎక్కువగా ఉందని. ఆవిడకి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఆ ఒక్క మాట ఎందుకంత ముఖ్యమో చెప్తాను. పొగాకు వల్ల వచ్చే ఎంఫిసీమా మామూలుగా ఊపిరితిత్తుల పై భాగాల్లో మొదలవుతుంది. కింది భాగాలు ముందు పోతున్నాయంటే, అదీ 45 దాటని మనిషిలో, సిగరెట్టు లేకుండానో నామమాత్రంగానో ఉన్నప్పుడు, ఆల్ఫా వన్ యాంటీట్రిప్సిన్ లోపం గురించి అడగాలి. మన ఒంట్లో తెల్ల రక్తకణాలు క్రిముల్ని చంపడానికి ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ని వదులుతాయి. పని అయ్యాక దాన్ని ఆపకపోతే అది మన ఊపిరితిత్తినే తినేస్తుంది. దాన్ని ఆపే ప్రోటీనే ఈ ఆల్ఫా వన్. తయారయ్యేది లివర్లో, కాపలా కాసేది ఊపిరితిత్తిలో. కొన్ని జన్యు మార్పుల్లో ఆ ప్రోటీన్ వంకరగా ముడుచుకుని, ఒకదానికొకటి అతుక్కుని లివర్లోనే ఇరుక్కుపోతుంది. అప్పుడు ఊపిరితిత్తికి కాపలా ఉండదు, లివరేమో చెత్తతో నిండిపోతుంది. అందుకే ఇంట్లో ఎవరికైనా మందు తాగకుండానే లివర్ పాడైందా, పసిబిడ్డకి కామెర్లు వారాల తరబడి తగ్గలేదా అని కూడా అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే సీఓపీడీ, అంటే ఎంఫిసీమా లాంటి దీర్ఘకాల ఊపిరితిత్తి జబ్బు, ఉన్న ప్రతి ఒక్కరికీ జీవితంలో ఒకసారి ఈ పరీక్ష చేయమంటుంది. మన దగ్గర కట్టెల పొయ్యి పొగ, పాత టీబీ, బీడీ ఇన్ని ఉన్నాయి కాబట్టి కారణం చేతికి దొరికేస్తుంది, ఎవరూ ముందుకి వెళ్లరు. 34 ఏళ్ల అకౌంటెంటు ఏ కట్టెల పొయ్యి ముందు కూర్చున్నాడు?

ఇక ఆ కాగితం సంగతి. రెండేళ్ల కిందట వాడి ఈఎస్ఆర్ ఎక్కువ వచ్చిందని ఎవరో సీరమ్ ప్రోటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ రాశారు. మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉందేమో చూడటానికి మేము రోజూ చేసే పరీక్షే. రక్తంలోని ప్రోటీన్లని కరెంటుతో వేరు చేస్తే గ్రాఫ్ వస్తుంది. ముందు అల్బుమిన్ పెద్ద కొండలా లేస్తుంది, దాని పక్కనే ఒక చిన్న గుట్ట, ఆ తర్వాత మిగతావి. ఆ చిన్న గుట్టలో ఎక్కువ భాగం ఆల్ఫా వనే. సీటీ వచ్చిన రోజు రాత్రి ఫైల్ మొత్తం మంచం మీద పరిచి ఒక్కో కాగితం చూస్తుంటే ఆ గ్రాఫ్ దొరికింది. అల్బుమిన్ కొండ దిగాక గుట్ట ఉండాల్సిన చోట చదును. కింద సంతకం పక్కన ఒకే లైను: ఎం బ్యాండ్, అంటే మైలోమా గుర్తు, కనపడలేదు, నార్మల్. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి కాగితం మడిచేశారు. నేనూ ఇలాంటి గ్రాఫ్‌లు ఎన్ని అలా మడిచానో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ జబ్బు మొదట దొరికిందే అలా. 1963లో స్వీడన్‌లోని మాల్మోలో కార్ల్ బెర్టిల్ లౌరెల్ అనే ఆయన ఇలాంటి ఎలక్ట్రోఫొరెసిస్ పట్టీలే చూస్తూ కొన్నిటిలో ఆ ఆల్ఫా వన్ గీత లేదని గమనించాడు. స్టెన్ ఎరిక్సన్ అనే కుర్ర డాక్టరుతో కలిసి వెతికితే అలాంటివాళ్లు ఐదుగురు తేలారు, వాళ్లలో ముగ్గురికి ఎంఫిసీమా. అరవై ఏళ్ల కిందట ఆయన ఒట్టి కళ్లతో చూసింది, మెషీన్ ప్రింట్ చేసి చేతికిచ్చినా మనకి కనపడలేదు.

కానీ గుట్ట లేకపోవడం అనుమానమే, నిర్ధారణ కాదు. మర్నాడే రక్తంలో ఆల్ఫా వన్ లెవెల్ చేయించాను. డెసిలీటరుకి 26 మిల్లీగ్రాములు వచ్చింది. మామూలుగా 90 నుంచి 200 దాకా ఉండాలి. సుమారు 57 కంటే తక్కువ ఉంటే ఊపిరితిత్తికి రక్షణ చాలదని లెక్క. దాంతో పాటే ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉందేమో చెప్పే సీఆర్‌పీ కూడా చేయించాను. ఎందుకంటే జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ ప్రోటీన్ పెరుగుతుంది, కొంచెం లోపం ఉన్నవాళ్లకి ఆ టైంలో నార్మల్ అని వచ్చేస్తుంది. వాడి సీఆర్‌పీ మామూలుగానే ఉంది. కిడ్నీ నుంచో పేగు నుంచో ప్రోటీన్ పోతున్నా లెవెల్ పడిపోతుంది, అయితే అప్పుడు అల్బుమిన్ కూడా పడిపోవాలి, వాడిది మామూలుగానే 4.2 ఉంది, అంటే అదీ కాదు. ఒక చిన్న జాగ్రత్త: కొన్ని ల్యాబులు లీటరుకి గ్రాముల్లో ఇస్తాయి, అప్పుడు ఇదే రిపోర్టులో 0.26 అని ఉంటుంది. యూనిట్ చూడకుండా అంకె ఒక్కటే చదవకండి.

ఇంతవరకూ వచ్చాక పని అయిపోయిందనుకున్నాను. అసలు తప్పు ఇక్కడ జరిగింది. జన్యు పరీక్ష అని పీసీఆర్ రాశారు, పదిహేను రోజులకి రిపోర్టు వచ్చింది: ఎస్ లేదు, జెడ్ లేదు. ఓపీలో డాక్టరు గారు దాన్ని చూసి, "మీకు ఆ లోపం లేదమ్మా, కాలేజీలో కాల్చిన సిగరెట్లే అయ్యుంటాయి" అన్నారు. తమ్ముడు తల దించుకున్నాడు. పక్కనే వాడి భార్య.

ఎస్, జెడ్ అనేవి ఎక్కువగా యూరప్ వాళ్లలో కనిపించే రెండు మార్పులు. అక్కడ తీవ్రమైన లోపం ఉన్నవాళ్లలో చాలామందికి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన జన్యువు రెండు కాపీలూ జెడ్డే, కాబట్టి ఆ కిట్ అక్కడ బాగానే పనికొస్తుంది. మన దగ్గర ఆ రెండూ అరుదు. ఆ పీసీఆర్ చూసేది జన్యువులో ఆ రెండు చోట్లే, మిగతా జన్యువంతా తెరిచి కూడా చూడదు. ఇల్లంతా వెతక్కుండా రెండు గదులు చూసి దొంగ లేడన్నట్టు. లెవెల్ 26 ఉండి పీసీఆర్ ఏమీ లేదంటే, అబద్ధం చెప్తున్నది లెవెల్ కాదు. ఆ రెండూ పొసగనప్పుడు ఈ ప్రోటీన్‌ని తయారు చేయించే సెర్పినా1 జన్యువు మొత్తం సీక్వెన్సింగ్ చేయాలి, అంటే అక్షరం అక్షరం చదవాలి. ఓపీలో నేను ఇదే చెప్పాను, గొంతు కొంచెం లేచింది కూడా. ఆయన మంచి మనిషి, విన్నారు, రాసిచ్చారు.

మధ్యలో ఐసోఎలెక్ట్రిక్ ఫోకసింగ్ అనే పరీక్ష కూడా అయింది. ప్రోటీన్ జెల్‌లో ఎక్కడ ఆగుతుందో చూసి ఏ రకమో చెప్తారు. ఎం అని వచ్చింది, అంటే మామూలు రకం. గీత మాత్రం చాలా పల్చగా ఉందని ఎవరూ రాయలేదు. మూడు వారాలకి సీక్వెన్సింగ్ వచ్చింది. జన్యువులో మూడు అక్షరాలు ఎగిరిపోయాయి, దానివల్ల ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం లేదు. ఎం మాల్టన్ అంటారు. ఇటలీలోని సార్డీనియా దీవిలో ఎక్కువగా కనిపించే రకం. జెల్‌లో ఇది మామూలు ఎం దగ్గరే ఆగుతుంది, కాబట్టి కంటిని మోసం చేస్తుంది. లివర్లో ఇరుక్కోవడంలో మాత్రం జెడ్‌కి ఏమీ తీసిపోదు. వాడికి రెండు కాపీలూ అదే. మర్నాడే లివర్ స్కాన్ చేయించాం, ఇప్పటికి బాగానే ఉంది.

రెండు కాపీలూ ఒకే అరుదైన రకం ఎలా వచ్చాయని డాక్టరు గారు అడిగితే పిన్ని నేల చూపులు చూసింది. మా అమ్మమ్మ పిన్నిని తన సొంత తమ్ముడికే ఇచ్చి చేసింది. నాకు వరసకి తాతయ్య కావాల్సినాయన బాబాయి అయ్యాడు. అమ్మమ్మకీ ఆమె తమ్ముడికీ వాళ్ల అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో ఒకే మార్పు వచ్చింది. అమ్మమ్మ నుంచి పిన్నికి ఒకటి, బాబాయి దగ్గర ఒకటి, ఆ రెండూ తమ్ముడిలో కలిశాయి. ఒక్క కాపీ ఉన్నవాళ్లకి లెవెల్ కొంచెం తగ్గుతుంది, మామూలుగా పెద్ద ఇబ్బంది ఉండదు, సిగరెట్టు జోలికి మాత్రం పోకూడదు. పిన్నికి 77, బాబాయికి 79. "నా వల్లేనా?" అని పిన్ని నన్ను పక్కకి పిలిచి అడిగింది. కాదు పిన్నీ, ఇందులో తప్పు ఎవరిదీ కాదు అన్నాను. కానీ మేనరికాలు ఇన్ని ఉన్న మన తెలుగు ఇళ్లలో, ఆయాసంతో వచ్చిన కుర్రాడిని "మీ అమ్మానాన్నలది దగ్గర సంబంధమా?" అని ఆరేళ్లలో ఒక్కరూ అడగకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు. ఈ ప్రోటీన్‌ని వారం వారం సెలైన్‌లా ఎక్కించే మందు ఉంది, అరుగుదలని నెమ్మదింపజేస్తుంది, కానీ దాని ఖర్చు మా ఇంటికి అందనిది. వాడిప్పుడు బాలానగర్ దుమ్ములో బండి నడపడం మానేశాడు, టీకాలు వేయించుకున్నాడు, ఊపిరి వ్యాయామాలు చేస్తున్నాడు. ఆ ఓపీ మాట మాత్రం వాడి బుర్రలోంచి పోలేదు. "అక్కా, సిగరెట్లు కాదు కదా?" అని ఇప్పటికీ అడుగుతాడు. అవి తొందర పెట్టి ఉండొచ్చురా, తెచ్చింది మాత్రం అవి కాదు అని చెప్తాను.

మిగిలింది వాడి చెల్లెలు. వాడిలాగే రెండు కాపీలూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఈ ప్రోటీన్ పెరుగుతుంది, కాబట్టి లెవెల్ చూసి ధైర్యం చెప్పుకోవడానికి లేదు. ఏ మార్పో మనకి తెలుసు కాబట్టి సీక్వెన్సింగ్‌లో ఆ ఒక్క చోటు చూస్తే చాలు. నిన్న సాయంత్రం నేనే వెళ్లి రక్తం తీసుకొచ్చాను. సూది గుచ్చుతుంటే అది నా మొహమే చూస్తూ కూర్చుంది.