స్కోరు పెరిగితే ఫామ్ కుదిరినట్టేనా? ఆర్చరీ టార్గెట్‌ని చదవడంలో ఒక పొరపాటు

“స్కోరు పెరిగిందంటే ఫామ్ కుదిరినట్టే. బాణం ఎడమకు పోతే రిలీజ్ తప్పు, పైకి పోతే యాంకర్ తప్పు, కిందికి పోతే బో చేయి జారినట్టు. ఈ చార్టు దగ్గర పెట్టుకుని ప్రతి బాణం తర్వాత సరిచేసుకుంటూ పోండి, చాలు.”

కొత్తవాళ్లకు ఇచ్చే సలహా ఇది. ఇందులో ఫామ్ అంటే బాణం వేసే తీరు, రిలీజ్ అంటే తీగ వదలడం, యాంకర్ అంటే తీగ లాగాక చేయి ముఖానికి ఆనే చోటు, బో చేయి అంటే విల్లు పట్టిన చేయి. ముందు స్కోరు సంగతి చూద్దాం. టార్గెట్ మీది వలయం ఒక్క విషయమే చెబుతుంది: బాణం మధ్య నుంచి ఎంత దూరంలో దిగిందని. ఏ వైపు దిగిందో దానికి పట్టదు. 80 సెంటీమీటర్ల ఫేస్‌లో, అంటే వలయాలున్న టార్గెట్ కాగితంలో, ఒక్కో వలయం 4 సెంటీమీటర్ల వెడల్పు. మధ్య నుంచి 4 సెంటీమీటర్ల లోపు పడితే 10, ఎనిమిది లోపు 9, పన్నెండు లోపు 8, అలా బయటికి తగ్గుతూ పోతుంది. రెండు బాణాలూ 8 తెచ్చాయనుకోండి. అవి పక్కపక్కనే ఉండొచ్చు, లేదా ఒకటి పైన, ఒకటి కింద, మధ్యలో ఇరవై సెంటీమీటర్ల ఎడంతోనూ ఉండొచ్చు. స్కోరు కాగితంలో రెండు సందర్భాలూ ఒకటే. పైగా షాఫ్ట్, అంటే బాణం కాడ, గీతను తాకితే చాలు, లోపలి వలయం అంకె వస్తుంది. కాబట్టి సెంటీమీటరు తేడాతో దిగిన రెండు బాణాలకు వేర్వేరు అంకెలు పడటం మామూలే.

18 మీటర్ల దూరం నుంచి ఇద్దరు కొత్తవాళ్లు ఆరేసి బాణాలు వేశారనుకుందాం. మొదటివారికి 7, 6, 6, 6, 5, 5, మొత్తం 35. రెండోవారికి 10, 9, 8, 7, 7, 5, మొత్తం 46. స్కోరు ప్రకారం రెండోవారే మెరుగు. ఇప్పుడు ఫేస్ దగ్గరికి వెళ్లి చూడండి. మొదటివారి ఆరు బాణాలూ కింద ఎడమవైపు 12 సెంటీమీటర్ల వృత్తంలో ఇమిడిపోయాయి. ఆ వృత్తం మధ్య, టార్గెట్ మధ్యకు 11 సెంటీమీటర్లు ఎడమన, 14 కిందన ఉంది. రెండోవారివి మాత్రం పైన ఒకటి, కింద రెండు, పక్కల మిగతావి. పై బాణానికీ కింది బాణానికీ మధ్య ముప్పై సెంటీమీటర్ల పైనే.

మొదటివారికి కావలసింది సైట్ పిన్, అంటే విల్లు మీద గురి చూసే గుర్తు, జరపడమే. కంటి నుంచి పిన్‌కు దాదాపు 85 సెంటీమీటర్లు, టార్గెట్‌కు 18 మీటర్లు, అంటే సుమారు 21 రెట్లు. 11ని 21తో భాగిస్తే దాదాపు 5 మిల్లీమీటర్లు, 14ని భాగిస్తే దాదాపు 6.7. పిన్‌ను గ్రూప్, అంటే బాణాల గుంపు, ఉన్నవైపే జరపాలి: 5 మిల్లీమీటర్లు ఎడమకు, 6.7 కిందికి. అదే గ్రూప్ మధ్యకొస్తే ప్రతి బాణం కేంద్రానికి ఆరు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, అంటే ఆరూ తొమ్మిదులో పదులో, కనీసం 54. రెండోవారికి పిన్ ఎటు జరిపినా ఇంత లాభం రాదు, చెదిరినదాన్ని సైట్ కలపలేదు. గ్రూప్ ఎక్కడ ఉందన్నది ఎక్కువగా సైట్ సంగతి, ఎంత విస్తరించిందన్నది ఫామ్ సంగతి. కొత్తవాళ్ల టార్గెట్ చూసేటప్పుడు ఈ రెండూ కలిపేస్తే తర్వాతి ప్రతి నిర్ణయమూ పక్కదారి పడుతుంది.

ఇక చార్టు. ఒక దిక్కుకు ఒకే కారణం రాయడంలోనే చిక్కుంది. కుడిచేతి వాటం వారి బాణం ఎడమకు పోయిందంటే రిలీజ్‌లో వేళ్లు తీగను ముఖానికి దూరంగా లాగి ఉండొచ్చు. గ్రిప్‌ను బిగించి పట్టుకోవడంతో విల్లు మెలితిరిగి ఉండొచ్చు. విల్లు పైభాగం ఎడమకు ఒరిగి ఉండొచ్చు. షాఫ్ట్ ఆ విల్లుకు మరీ గట్టిదై ఉండొచ్చు. చివరిది అసలు ఫామ్ తప్పే కాదు. ఎడమచేతి వాటం వారికైతే చాలావరకు కుడి ఎడమలు తిరగబడతాయి, ఆ చార్టుల్లో చాలావాటిలో ఆ ముక్కే ఉండదు.

ఒక్క బాణం దిక్కు కన్నా గ్రూప్ ఆకారం నమ్మదగ్గది. అడ్డంగా సాగితే గ్రిప్, రిలీజ్, విల్లు ఒరగడం వెతకాలి. నిలువుగా సాగితే ఎక్కువగా యాంకర్ ఎత్తు లేదా లాగే పొడవు ఒక్కో బాణానికి మారుతోందని అర్థం. యాంకర్ సంగతి దగ్గరగా చూడండి. గడ్డం కింద చేయి ఆనించి వేసేవారు ఒక బాణానికి పళ్లు కలిపి, మరోదానికి దవడ వదిలేస్తే బాణం వెనక తీగకు తగిలించే నాక్ 3 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. నాక్‌కూ, విల్లు మీద బాణం ఆనే రెస్ట్‌కూ మధ్య 70 సెంటీమీటర్లు అనుకుంటే ఆ కాస్త వంపు 18 మీటర్ల దగ్గర దాదాపు 7.7 సెంటీమీటర్లు అవుతుంది. రెండు వలయాలకు కొంచెం తక్కువ. బాణం పైకి పోతుంది, వేసినవారికి ఏమీ మారినట్టు అనిపించదు. పళ్లు కలిపి ఉంచమని ప్రతిసారీ గుర్తుచేసే కోచ్‌లు ఉత్తినే చెప్పరు.

లాగే పొడవు తగ్గితే బాణం నెమ్మదిస్తుంది, కిందికి దిగుతుంది. దీన్ని పట్టుకోవడం సులువు: నిండా లాగినప్పుడు రెస్ట్ దగ్గర వచ్చే చోట షాఫ్ట్‌కు సన్నని టేపు చుట్టండి. పక్కన సురక్షితంగా, షూటింగ్ లైన్‌కు ముందుకు రాకుండా నిలబడినవారు, తీగ వదలకముందే ఆ టేపు రెస్ట్ దాటి ముందుకు జారుతోందా అని చూస్తే చాలు.

ప్రతి బాణం తర్వాత సరిచేసుకోవడమన్నది ఈ మూడింటిలో ఎక్కువ నష్టం చేసే సలహా. 12 సెంటీమీటర్ల గ్రూప్ వేసేవారికి ఒక బాణం 5 సెంటీమీటర్లు ఎడమకు పడటం మామూలు చెదురే. దాన్ని చూసి పిన్ ఎడమకు జరిపితే తర్వాతి బాణానికి తన సహజమైన చెదురుకు ఆ జరుపు కూడా తోడవుతుంది, గ్రూప్ ఇంకా విచ్చుకుంటుంది. ఆరేసి బాణాలతో ఐదు ఎండ్‌లు, అంటే ఐదు విడతలు, మొత్తం ముప్పై బాణాలు ఏదీ మార్చకుండా వేయండి. ప్రతి బాణం మీద ఒక నంబరు రాసుకుని, కాగితం మీద గీసిన ఫేస్‌లో దిగిన చోట ఆ నంబరుతోనే గుర్తు పెట్టండి. ఎప్పుడూ 4వ నంబరే బయట పడుతుంటే అది మీ తప్పు కాదు, ఆ షాఫ్ట్ వంగిందో వెనక ఈకలు, అంటే ఫ్లెచింగ్, దెబ్బతిన్నదో చూడాలి. చివరి రెండు ఎండ్‌లు మాత్రమే కిందికి జారితే అలసట. దూరంగా పడ్డ బాణాన్ని “అది లెక్కలోకి రాదు” అని తీసేయకండి, అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది తరచూ అదే.

నిలువు గ్రూప్‌లో యాంకరా, లాగే పొడవా అని తేలకపోతే దూరం మార్చి చూడొచ్చు. గాలి లేనప్పుడు అవే బాణాలతో 18 మీటర్లలోనూ, 30 మీటర్లలోనూ ముప్పై చొప్పున వేయండి. కోణం తప్పు దూరంతో సమానంగా పెరుగుతుంది: 18లో 12 సెంటీమీటర్ల ఎత్తున్న గ్రూప్ 30లో 20 దగ్గర ఉంటుంది. వేగం తప్పు దాదాపు దూరం వర్గంతో పెరుగుతుంది, అదే గ్రూప్ 33 దాకా సాగుతుంది. 20 దగ్గరుంటే దవడ, గడ్డం కింద చేయి చూడండి. 33 వైపు పోతుంటే షాఫ్ట్ మీది టేపు చూడండి. మధ్యలో ఉంటే రెండూ ఉన్నాయి, ముందు యాంకర్ కుదుర్చుకుని మళ్లీ వేయండి, ఎందుకంటే చేయి ఆనే చోటు స్థిరపడకపోతే లాగే పొడవుకూ స్థిరత్వం రాదు.