సవరణ: సాలిడ్ బాడీ గిటార్, ఫీడ్‌బ్యాక్

"అన్నా, సాలిడ్ బాడీకి ఫీడ్‌బ్యాక్ రాదని రాసినావే. మా తిరుపతి ఆర్కెస్ట్రాలో ఆంప్ ముందు నిలబడితే కూస్తాంది?"

స్పీకర్ శబ్దం తిరిగి గిటార్‌లోకి చేరి మోతగా పెరగడమే ఫీడ్‌బ్యాక్. సాలిడ్ బాడీకి అది రాదని రాయడం నా తప్పు. గిటార్ తయారీ, ధ్వనిశాస్త్ర పుస్తకాలు చెప్పేది ఇదీ: బోలు గిటార్‌లో స్పీకర్ శబ్దానికి పైచెక్క, లోపలి గాలి కలిసి కంపిస్తాయి. అందుకే తక్కువ వాల్యూమ్‌కే బూమ్మని మోత మొదలవుతుంది. సాలిడ్ బాడీ, అంటే 1950లో ఫెండర్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన గిటార్ లాంటి గట్టి పలక, అంతగా కదలదు. తీగ శక్తి చెక్కలోకి తక్కువ పోతుంది కాబట్టి స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. డ్రమ్స్ పక్కనా వాల్యూమ్ పెంచుకోవచ్చు. బ్యాండ్లు దీనివైపు మళ్లడానికి పెద్ద కారణం అదే.

బాగా పెంచితే మాత్రం స్పీకర్ శబ్దం తీగనే ఊపుతుంది, స్వరం ఆగకుండా సాగుతుంది. తీగలన్నీ అరచేత్తో అదమండి, ఆగాలి. అదిమినా కీచుమంటుంటే, తీగల కింద ఉండి వాటి కంపనాన్ని పట్టే పికప్‌లో సన్నని వైరు చుట్ట వదులై ఉండొచ్చు. దాన్ని కరిగిన మైనంలో ముంచి బిగిస్తారు.