పది గ్రాముల బంగారం, రెండు కాగితాలు: బాండు వడ్డీ ఎక్కడికి పోయింది?

తేదీ ఒకటే, 2015 నవంబరు 20. ఒకటి, గడువు తీరాక అప్పటి బంగారం ధరను బట్టి డబ్బు తిరిగిచ్చే ప్రభుత్వ పత్రం సావరిన్ గోల్డ్ బాండు తొలి విడతలో పది గ్రాములకు నేను బ్యాంకులో కట్టిన రసీదు. రెండోది అదే రోజు మా వదిన విజయవాడలో కొన్న పది గ్రాముల 24 క్యారెట్ల కాయిన్ బిల్లు. ఎనిమిదేళ్ల తర్వాత, 2023 నవంబరు 30న, నా బాండు గడువు తీరింది. ఆ రోజే వదిన కాయిన్ అమ్మింది. ఇంతకన్నా సరిగ్గా పోల్చే అవకాశం మళ్లీ రాదనిపించి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

మొదటి దెబ్బ బాండుకే. గ్రాము ధర 2,684 రూపాయలని రిజర్వు బ్యాంకు ప్రకటించింది కానీ, అది అక్టోబరు చివరి వారం సగటు. నవంబరులో బంగారం దిగింది. వదిన బిల్లులో గ్రాము రేటు 2,590. మజూరీ రెండు శాతం, వ్యాట్ ఒక శాతం కలిపినా ఆమెకు 26,682 అయింది, నాకు 26,840. "సర్కారు బంగారం కన్నా నా బంగారమే చవక" అని వదిన నవ్వింది. ఆ రోజుకు ఆమె మాటే నిజం.

ముగింపులోనూ అదే తంతు. బాండు విమోచన ధర 6,132 రూపాయలు. అది కూడా ముందు వారం సగటే. ఈసారి ఆ వారం తర్వాత ధర పెరిగింది. కొట్టులో రేటు 6,270 ఉంది. అయితే కాయిన్ అయినా సరే, అమ్మేటప్పుడు మూడు శాతం తరుగు కోసి వదినకు 60,819 చేతికిచ్చారు. నాకు ఖాతాలో 61,320 పడింది. అంటే వడ్డీ పక్కన పెడితే ఇద్దరిదీ దాదాపు ఒకటే రాబడి, ఏడాదికి 10.9 శాతం, 10.8 శాతం. అదే వదిన కాయిన్ బదులు గొలుసు కొని ఉంటే ఈ పోలికే ఉండేది కాదు. మజూరీ, తరుగుల కిందే పెద్ద ముక్క పోయేది.

తేడా అంతా వడ్డీలో, పన్నులో ఉంది. బాండు వడ్డీ ఏడాదికి 2.75 శాతం అనగానే ఏటేటా పెరుగుతున్న బంగారం విలువ మీద అనుకుంటాం. కాదు, మొదట కట్టిన 26,840 మీదే. నా పాస్‌బుక్కులో ఆర్నెల్లకోసారి 369 రూపాయలు, పదహారు సార్లు, ఒకే అంకె. చివరి ఏడాది నాటికి బంగారం విలువతో చూస్తే అది 1.2 శాతమే. మొత్తం 5,905. దీనికి మూలంలో పన్ను కోత లేదు కాబట్టి చాలామంది రిటర్నులో చూపించడం మరిచిపోతారు. ఇరవై శాతం శ్లాబు, సెస్సు లెక్కేస్తే నాకు మిగిలింది 4,677.

గడువు దాకా ఉంచిన బాండు లాభం మీద నాకు పన్ను లేదు. వదినకు ఉంది. అప్పటి నిబంధన ప్రకారం ద్రవ్యోల్బణ సూచీతో కొన్న ధరను పెంచి, లాభంపై ఇరవై శాతం, సెస్సు వేస్తే 5,047 రూపాయలు పోయాయి. ఆమెకు చివరికి 55,772, నాకు వడ్డీతో కలిపి 65,997. ఏడాది రాబడి లెక్కన ఆమెది 9.6, నాది 12.5 శాతం. వదిన పన్ను పరిధిలో లేకుంటే చేతికందిన డబ్బులో తేడా సగానికి తగ్గేది.

బాండు గెలిచిందని ఇక్కడే ఆపేయవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, ఆ డబ్బుతో మళ్లీ పది గ్రాములు కొందామని కొట్టుకు వెళ్లేదాకా. 62,700 రేటు, రెండు శాతం మజూరీ, మూడు శాతం జీఎస్టీ, వెరసి 65,873. బాండు ఇచ్చిన 61,320 చాలలేదు. పన్ను పోగా మిగిలిన ఎనిమిదేళ్ల వడ్డీ మొత్తం తెచ్చి కలిపితే 124 రూపాయలు మిగిలాయి. అదీ ఆర్నెల్లకో 369 ఖర్చు కాకుండా దాచి ఉంటేనే.

కాబట్టి బంగారాన్ని డబ్బుగా మార్చుకునే ఉద్దేశం ఉన్నవారికే బాండు లాభం. పిల్లకు పెట్టాలని దాచుకునేవారికి గడువు ఒక బలవంతపు అమ్మకం. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త విడతలు రాలేదు. ఇప్పుడు స్టాక్ ఎక్స్చేంజీలో వేరొకరి బాండు కొనేవారు చూసుకోవాల్సింది కూడా ఉంది: వడ్డీ తొలి ధర మీదే వస్తుంది, 2026 ఏప్రిల్ నుంచి పన్ను మినహాయింపు మొదట్లో నేరుగా కొని గడువు దాకా ఉంచినవారికే.

మా పక్కింటావిడ దగ్గర అదే కాలం నాటి కాయిన్ ఇంకా ఉంది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల ధర లక్ష దాటిన రోజున ఆవిడ నా బాండు సంగతి అడిగింది.