పేరు ఒక్కటే మారే ప్రశంసాపత్రాలు

విదేశంలో ఉన్న మన తెలుగు సంఘ సభ్యుల్లో చాలామంది ఇప్పుడు ఆఫీసుల్లో మేనేజర్లు, ఆసుపత్రుల్లో సూపర్‌వైజర్లు. ఏడాది చివరికి వచ్చేసరికి 'ఉత్తమ ఉద్యోగి' ప్రశంసాపత్రం రాసే పని వాళ్ల నెత్తిన పడుతుంది. పత్రాన్ని చదువుతున్నప్పుడు దాన్ని అందుకునే మనిషి వేదిక మీదే నిలబడి ఉంటారు. అయినా అందులో ఆ మనిషి కనిపించరు. అంకితభావానికి మారుపేరు, సవాళ్లను అవకాశాలుగా మలచుకునే ధీశాలి, సంస్థ విలువలకు నిలువెత్తు నిదర్శనం అని చదువుతారు, అందరూ చప్పట్లు కొడతారు. మరుసటి ఏడాది అదే పత్రంలో పేరు మార్చి ఇంకొకరికి చదువుతారు. ఏడాది పొడవునా ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన మనిషికి దక్కేది ఇదేనా అని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రాసేవాళ్లకు మనసు లేక ఇలా జరుగుతోందని నేను అనుకోను. లోపం పత్రం పుట్టే తీరులోనే ఉంది. ముందుగా ఒక నామినేషన్ ఫారం వస్తుంది. సంస్థ విలువల్లో ఈ ఉద్యోగి ఏ విలువను చాటారని అది అడుగుతుంది. మేనేజరు తొందరలో రెండు వాక్యాలు రాసి పంపుతారు. మానవ వనరుల విభాగంలో ఎవరో, ఆ ఉద్యోగిని ఎన్నడూ చూడనివారు, ఆ రెండు వాక్యాలను సాగదీసి పత్రం తయారు చేస్తారు. ఫారం గుణం గురించి అడిగింది కాబట్టి పత్రంలో గుణాలే మిగులుతాయి, చేసిన పని జారిపోతుంది. విశేషణాలు పేర్చడంలో మన సన్మాన పత్రాల సంప్రదాయం మనకు అదనంగా తర్ఫీదు కూడా ఇచ్చింది.

ప్రశంసాపత్రం ఒకే ఒక పని గురించి రాయాలి, ఆ పనిని పక్కనుండి చూసినవాళ్ల మాటల మీద నిలవాలి అన్నది నా అభిప్రాయం. మిగతావన్నీ వదిలేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టవుతుందని కొందరు భయపడతారు. 1930లో సి.వి. రామన్‌కు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు రాసిన కారణం ఒక్క వాక్యం: కాంతి పరిక్షేపణంపై చేసిన కృషికి, ఆయన పేరుతో ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుగొన్నందుకు. అప్పటికే ఆయన మృదంగం, వయొలిన్ నాదాల మీద కూడా మంచి పరిశోధన చేసి ఉన్నారు. ఆ వాక్యంలో దాని ఊసే లేదు. ఆయన మేధాశక్తి గురించి కూడా ఒక్క విశేషణం లేదు. అందువల్ల రామన్‌కు తగ్గిందేమీ లేదు.

నేను దగ్గరుండి చూసిన ఒక పత్రం గురించి వివరంగా చెబుతాను. నేను ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. మా రాత్రి షిఫ్టులోని ఒక టెక్నాలజిస్టును ఆ ఏడాది ఉత్తమ ఉద్యోగిగా ఎంపిక చేశారు. ఫారం నుంచి పుట్టిన మొదటి ముసాయిదా ఇలా ఉంది: 'తన విధులకు మించి నిరంతరం శ్రమిస్తూ, నాణ్యత విషయంలో ఎన్నడూ రాజీపడకుండా, బృంద స్ఫూర్తికి ప్రతీకగా నిలిచిన వ్యక్తి.' అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మా ల్యాబులో సగం మందికి అది అతుకుతుంది కూడా.

ఆమె నిజంగా చేసిందేమిటో అర్థం కావాలంటే మా పని కొంచెం చెప్పాలి. ఎమర్జెన్సీలో తీసిన రక్తం చిన్న గొట్టాల్లో మా దగ్గరకు వస్తుంది. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో వేసి తిప్పితే కణాలు అడుగుకు చేరి, పైన ప్లాస్మా లేత పసుపు రంగులో తేరుకుంటుంది. అది ఎర్రగా కనిపించిందంటే, రక్తం తీసేటప్పుడో గొట్టంలోకి పంపేటప్పుడో ఎర్రకణాలు పగిలిపోయాయన్నమాట. ఆ కణాల లోపల పొటాషియం ఎక్కువగా ఉంటుంది. అవి పగిలితే అది ప్లాస్మాలోకి వచ్చేస్తుంది. రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా ఉంటుంది. పగిలిన నమూనాలో అది అంతకన్నా ఎక్కువ చూపిస్తుంది. గుండెకు ప్రమాదం ఉందని డాక్టరు పొరపాటు పడవచ్చు. లేదా నిజంగా తక్కువ ఉన్న రోగికి సరిగానే ఉందని అనుకోవచ్చు. అందుకే ఆ నమూనాను తిరస్కరించి మళ్లీ రక్తం తీయమంటాం. రోగికి రెండోసారి సూది గుచ్చుతారు, వైద్యం ఆలస్యమవుతుంది.

రాత్రి వేళ ఇలాంటివి మరీ ఎక్కువగా వస్తుండేవి. ల్యాబువాళ్లు నర్సులను తప్పుపట్టేవారు, నర్సులు ల్యాబును తప్పుపట్టేవారు. ఈమె మాత్రం ఒక రాత్రి తన విరామ సమయంలో అక్కడి బాధ్యురాలైన నర్సు అనుమతి తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్లి, ఒక పక్కన నిలబడి రక్తం ఎలా తీస్తున్నారో చూశారు. సెలైన్ కోసం అప్పుడే నరంలోకి పెట్టిన కాన్యులా నుంచే సిరంజితో రక్తం లాగుతున్నారు. తరువాత ఆ సిరంజి సూదిని గొట్టం మూతలో గుచ్చి, పిస్టన్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కుతున్నారు. సన్నని సూదిలోంచి అంత బలంగా నెడితే కణాలు పగులుతాయి. ఆమె ఎవరి మీదా ఫిర్యాదు రాయలేదు. మరునాటి రాత్రి రోగుల వివరాలు తీసేసిన రెండు గొట్టాలు పట్టుకెళ్లి, షిఫ్టు మారే సమయంలో నర్సుల చేతికిచ్చారు. ఒకదానిలో ప్లాస్మా పసుపుగా ఉంది, రెండోదానిలో ఎర్రగా ఉంది. వీలైనప్పుడు వేరే నరం నుంచి నేరుగా గొట్టంలోకే తీయమన్నారు. సిరంజి తప్పనిసరైతే పిస్టన్ నొక్కకుండా, గొట్టంలోని శూన్యమే రక్తాన్ని లాక్కునేలా వదిలేయమన్నారు.

ఈ వివరాలేవీ ఆమె నోటి నుంచి రాలేదు. ఆమెను అడిగితే, 'పెద్దగా ఏముంది, వెళ్లి చూశాను, అంతే' అన్నారు. మంచి పనివాళ్లు చాలామంది ఇలాగే అంటారు. అందుకే పత్రం రాసేవాళ్లు గెలిచినవారిని అడిగి ఊరుకోకూడదు. ఆ పని వల్ల ఎవరి రోజు మారిందో వాళ్లను అడగాలి. ప్రశ్న కూడా సరిగా వేయాలి. 'ఆమె ఎలాంటి మనిషి?' అంటే మళ్లీ విశేషణాలే వస్తాయి. 'అంతకుముందు ఎలా ఉండేది? ఆమె వచ్చి ఏం చేశారు?' అని అడిగితే కథ వస్తుంది. బాధ్యురాలైన ఆ నర్సును అలా అడిగినప్పుడు ఆమె చెప్పిన మాట పత్రానికి ప్రాణం పోసింది. చివరికి చదివిన పత్రం తెలుగులో దాదాపు ఇలా ఉంటుంది:

'ఈ ఏడాది మొదట్లో, రాత్రి వేళ ఎమర్జెన్సీ నుంచి వచ్చే రక్త నమూనాలను మేము తరచుగా వెనక్కి పంపుతుండేవాళ్లం. ప్రతిసారీ ఒక రోగి రెండో సూది భరించవలసి వచ్చేది. తప్పు వాళ్లదని మేము, మాదని వాళ్లు అనుకున్నాం. ఈమె వెళ్లి చూశారు. కారణం కనుక్కుని, రెండు గొట్టాలు తీసుకెళ్లి నర్సుల చేతిలో పెట్టారు. 'ఆమె మమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు, మీరే చూడండి అంది' అని అక్కడి నర్సు మాతో అన్నారు. ఆ తరువాత పద్ధతి మార్చుకున్నది నర్సులే. ఇప్పుడు రెండు విభాగాలవాళ్లూ అనుమానం వస్తే ఒకరికొకరు ఫోను చేసుకుంటున్నారు. ఆ అలవాటు ఆమెతో మొదలైంది.'

నిమిషంలో చదివేయవచ్చు. ఇందులో 'అంకితభావం' అన్న మాట లేదు, కానీ అది లేదని ఎవరూ అనుకోరు. పద్ధతి మార్చింది నర్సులేనని చెప్పే వాక్యాన్ని నేను పట్టుబట్టి ఉంచాను. ఒకరిని పొగిడేటప్పుడు పదిమంది చేసిన పనిని ఆ ఒక్కరి ఖాతాలో వేస్తే, ఆ పదిమందీ సభలోనే కూర్చుని వింటారు. అక్కడి నుంచి మిగతా పత్రాన్ని కూడా వాళ్లు నమ్మరు.

ఒక అంకె చేర్చాలని పైవాళ్లు అడిగారు. తిరస్కరించిన నమూనాలు ఎంత శాతం తగ్గాయో రాస్తే గంభీరంగా ఉంటుందన్నారు. తగ్గిన మాట నిజమే. కానీ అదే రోజుల్లో ఆసుపత్రి రక్తం తీసే గొట్టాల రకాన్ని కూడా మార్చింది. ఎంత తగ్గుదల ఆమె వల్ల, ఎంత కొత్త గొట్టాల వల్ల అన్నది విడదీసి చెప్పలేం. ఆ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. నిలబడని అంకె పెడితే పక్కనున్న నిజాలకు కూడా మచ్చ పడుతుంది. అందుకే ఫోను సంగతి రాశాం, దాన్ని ఎవరూ కాదనలేరు. 'ఎన్నో ప్రాణాలు కాపాడారు' అన్న వాక్యాన్ని కూడా అందుకే తీసేశాం.

పత్రాల్లో తరచుగా కనిపించే ఒక పొగడ్త మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒక్క సెలవు కూడా పెట్టలేదని, జ్వరంలోనూ పనికి వచ్చారని, ముగ్గురి పని ఒక్కరే చేశారని రాస్తారు. ఆసుపత్రిలో జ్వరంతో పనికి రావడం రోగులకు ప్రమాదం. ముగ్గురి పని ఒక్కరు చేశారంటే ఇద్దరిని నియమించలేదని అర్థం. ఆ లోటును ఉద్యోగి సుగుణంగా మార్చి వేదిక మీద చదివితే, కింద కూర్చున్న మిగతావాళ్లకు సెలవు అడగడమే నేరమన్న సందేశం వెళుతుంది. వీసా మీద ఉండి, సెలవు అడగడానికే జంకే మన పిల్లల మీద ఆ సందేశం ఇంకా బరువుగా పడుతుంది. అలాగే ఇంట్లో జబ్బు, చావు, కష్టాలు తట్టుకుని పనిచేశారని రాసేముందు ఆ మనిషిని అడిగి తీరాలి. సానుభూతితో రాసినా సరే, వాళ్ల సొంత విషయాన్ని సభలో పెట్టే హక్కు మనకు లేదు.

రాయడం అయ్యాక పక్కన పనిచేసేవారికి చదివి వినిపించాలి. మా ముసాయిదాలో ఆమె రోజూ ఎమర్జెన్సీకి వెళ్లేవారని ఉంది. విన్న రాత్రి షిఫ్టు సహోద్యోగి వెంటనే, 'రోజూ కాదు, మొదట ఒక రాత్రి చూశారు, మరునాడు గొట్టాలు పట్టుకెళ్లారు' అన్నారు. 'రోజూ' కొట్టేశాం. రెండే రాత్రుల్లో జరిగిందని తెలిశాక ఆ పని మాకు ఇంకా గొప్పగా కనిపించింది.

చాలా సంస్థల్లో ఏడాది చివర్లోనే ఈ ఫారాలు వస్తాయి. ఫిబ్రవరిలో జరిగినది అప్పటికి ఎవరికీ సరిగా గుర్తుండదు. చివరి రెండు నెలల్లో కళ్లబడినవారికే బహుమతి వెళుతుంది, రాత్రి షిఫ్టువాళ్లకు అసలు వెళ్లదు. మేనేజర్లుగా ఉన్న మన సభ్యులు ఏదైనా మంచి పని కంటపడిన రోజే తేదీ, చేసిన పని, చూసినవారి పేరు మూడు ముక్కలు రాసి పెట్టుకోవాలని నా మనవి. ఫారంలో విలువల గడి ఒక్కటే ఉంటే, 'ఈ పనిని పక్కనుండి చూసిందెవరు?' అన్న గడి కూడా చేర్చమని మానవ వనరుల విభాగాన్ని అడగండి. మా ఆసుపత్రిలో అడిగాం, చేర్చారు.