సగం తాగితే సగం ముప్పేనా?

"రోజుకు 10 సిగరెట్లు, ఒక్కోటి 20 రూపాయలు. ఏడాదికి 73,000! అదే డబ్బు 12 శాతం వచ్చే మ్యూచువల్ ఫండ్ సిప్‌లో నెలనెలా వేస్తే 30 ఏళ్లకు 2 కోట్లు. నువ్వు తగలేస్తున్నది నీ ఇల్లు, నీ కారు! ఒక్కో సిగరెట్ 11 నిమిషాల ఆయుష్షు తినేస్తుంది. పూర్తిగా మానలేవా? 5కి తగ్గించు, సగం డబ్బు మిగులుతుంది, ప్రమాదం సగం తగ్గుతుంది. గమ్‌లు, మందులు దండగ. ఈ లెక్క చూస్తే మనసే మారుతుంది. పది మందికి పంపండి."

పంపారు. ఈ మెసేజ్ కాలనీ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి మేనకోడలి పెళ్లి పనుల కోసం పెట్టిన గ్రూపులో కూడా భోజనాల మెనూకీ షామియానా ఫొటోకీ మధ్య వచ్చి కూర్చుంది. పంపినవాళ్లలో సగం మంది సిగరెట్ తాగేవాళ్లే కావడం ఇంకో విశేషం.

73,000 సరే, గుణకారం తప్పలేదు. 2 కోట్ల దగ్గర మాత్రం ధరల పెరుగుదలను పక్కన పెట్టేశారు. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరుగుతాయనుకుంటే, 30 ఏళ్ల తర్వాతి ఆ 2 కోట్లు ఇవాళ్టి లెక్కలో 35 లక్షలకు అటూ ఇటూ. నిజానికి సిగరెట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి మిగిలేదీ ఏటా పెరగాలి. ఆ మాట తన వాదనకే లాభమైనా రాసినాయనకు తట్టలేదు. ఇక 11 నిమిషాలంటారా, అది 2000లో బ్రిటన్‌లో జీవితకాలం మొత్తానికి వేసిన సగటు లెక్క. ఒక్కో సిగరెట్‌కూ తిరిగే మీటర్ ఏదీ లేదు. ఈ రెండిటి వల్లా ఎవరికీ పెద్ద నష్టం లేదు, వదిలేద్దాం.

వదలలేనిది 5కి తగ్గించమన్న సలహా. మా బావగారు దాన్ని అక్షరాలా పాటిస్తున్నారు. 10 నుంచి 5కి దిగారు. నెలకు 3,000 మిగులుతోందని, గుండెకు ముప్పు కూడా సగానికి పడిపోయిందని ధీమాగా ఉన్నారు. డబ్బు సగం మిగిలిన మాట నిజమే. గుండె మాత్రం కిరాణా కొట్టు పద్దులా సాగదు.

2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. ఏళ్ల తరబడి జనాన్ని గమనించిన 141 అధ్యయనాలను కలిపి చూశారు. అసలు తాగనివాళ్లతో పోలిస్తే, రోజుకు 20 తాగే మగవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎంత అదనంగా ఉందో, రోజుకు ఒక్కటే తాగేవాళ్లకు అందులో దాదాపు సగం ఉంది. ఆడవాళ్లలో మూడో వంతు దాకా ఉంది. మళ్లీ చదవండి: ఇరవయ్యో వంతు తాగితే ఇరవయ్యో వంతు ముప్పు ఉండాల్సింది, సగం ఉంది. మరి 5 తాగే బావగారు ఎక్కడున్నట్టు?

కారణం కూడా తెలిసిందే. రక్తంలోని ప్లేట్‌లెట్లు అతుక్కునేలా చేయడానికి, రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీయడానికి కొద్దిపాటి పొగ చాలు. ఆ నష్టం మొదటి సిగరెట్ల దగ్గరే గబగబా పెరుగుతుంది, ఆపై సంఖ్య పెరిగినా నెమ్మదిగానే పెరుగుతుంది. అందుకే పై నుంచి ఐదు తీసేస్తే తగ్గాల్సినంత తగ్గదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తీరు వేరు. అక్కడ సంఖ్య తగ్గితే ముప్పూ కొంతమేరకు తగ్గుతుంది, కాదనను.

పైగా బావగారు తాగే 5 పాత 10లో సగం అవునో కాదో కూడా అనుమానమే. ఒంటికి అలవాటైన నికోటిన్ తగ్గగానే మనిషి తెలియకుండానే దమ్ము లోతుగా లాగుతాడు, ఎక్కువసేపు లోపల పట్టి ఉంచుతాడు, ఫిల్టర్ అంటుకునేదాకా వదలడు. పీకలు చూస్తే అర్థమవుతుంది. ఇదివరకు పావు వంతు మిగిల్చి పారేసేవారు, ఇప్పుడు ఫిల్టర్ తప్ప ఏమీ మిగలడం లేదు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో కొలిచే చిన్న యంత్రం ఉంటుంది. పొగాకు మాన్పించే క్లినిక్‌లో అందులో ఊదమంటే, 5 ఎంత గట్టిగా తాగుతున్నారో అదే చెబుతుంది. కొద్దివారాల్లో పూర్తిగా మానడానికి తేదీ పెట్టుకుని, ఆ దారిలో తగ్గించుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఈ మెసేజ్ మాత్రం 5 దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడుతోంది, చేతిలో మిగిలిన డబ్బు పెట్టి మరీ.

గమ్ దండగ అన్న మహానుభావుడికి ఆయన లెక్కతోనే చెబుదాం. గమ్‌కు రోజుకు 100 రూపాయలు అయిందనుకోండి. 12 వారాలకు 8,400. మధ్యలో గమ్ తగ్గించుకుంటూ పోవాలి కాబట్టి అంత కూడా కాదు. 2 కోట్లు లెక్క కట్టినాయనకు 73,000లో 8,400 పెట్టుబడి భారమైంది! ఇలాంటి నికోటిన్ ప్రత్యామ్నాయాలు వాడితే మానగలిగే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుందని ఎన్నో పరీక్షల్లో తేలింది. చాలామందికి అది పనిచేయదనిపించేది చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలడం వల్ల. కాసేపు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ తాగిన పావుగంట లోపు నమిలితే నికోటిన్ సరిగా ఎక్కదు. మన దగ్గర సిగరెట్ జోడీ టీయే కాబట్టి ఈ పొరపాటు ఇంటింటా జరుగుతుంది. నిద్ర లేచిన అరగంట లోపే మొదటిది వెలిగించేవాళ్లకు 2 మిల్లీగ్రాముల గమ్ సరిపోకపోవచ్చు, 4 కావాలి, దానికి డాక్టర్‌ని అడగాలి. పెట్టె మీదే 1800-11-2356 అని ఉచిత నంబర్ ఉంటుంది. లూజుగా ఒక్కొక్కటే కొనేవాళ్లకు పెట్టె కనిపించదు, నంబరూ కనిపించదు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. డబ్బు ఆశతో సిగరెట్ మానడం జరగని పనేమీ కాదు. ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవిలో ఒక బ్యాంకు దీన్ని నిజంగా ప్రయత్నించింది. మానాలనుకునేవాళ్లు సొంత డబ్బే ఆరు నెలలు జమ చేయాలి. ఆఖర్న మూత్ర పరీక్షలో పొగాకు ఆనవాలు లేకపోతే డబ్బు తిరిగి ఇస్తారు, ఉంటే దానధర్మానికి పోతుంది. 2010లో ఫలితాలు వచ్చాయి. ఈ ఖాతా తెరవమని అడిగిన వాళ్లలో ఒప్పుకున్నది 11 శాతమే. అయినా అడిగిన గుంపు మొత్తం మీద, అడగని గుంపు కంటే నూటికి ముగ్గురు ఎక్కువగా పరీక్ష నెగ్గారు. ఏడాదికి చెప్పకుండా వచ్చి చేసిన పరీక్షలోనూ తేడా నిలిచింది.

తేడా ఎక్కడుందో చూడండి. అక్కడ డబ్బు చేయి దాటింది, తాగితే పోతుంది, గడువు ఆరు నెలలే. మన మెసేజ్‌లోని 73,000 ఎవరి చేతిలోనూ లేదు. టీ కొట్టు దగ్గర ఇరవై ఇరవైగా ఖర్చయ్యేది, తాగకపోయిన రోజు చొక్కా జేబులోనే ఉండి సాయంత్రానికి పునుగుల కింద మారిపోతుంది. కొన్ని నిమిషాల పాటు ప్రాణం లాగేసే కోరికకు ఎదురుగా 30 ఏళ్ల తర్వాతి ఇల్లు నిలబడగలదా?

లెక్కే కావాలంటే వారానికి వేయండి. ప్రతి ఆదివారం 1,400 ఇంట్లో ఒకరి చేతికి ఇవ్వాలి. ఆ వారం ఒక్కటి తాగినా అది తిరిగి రాదు, మీకు నచ్చని పనికే ఖర్చవుతుంది. పరీక్ష పెట్టాలనుకుంటే ఊపిరి ఊదే పరీక్షే పెట్టండి, మూత్ర పరీక్షలో గమ్ నికోటిన్ కూడా బయటపడి గొడవవుతుంది. ఊపిరి పరీక్ష పట్టుకునేది దాదాపు ఆ రోజు తాగిందే కాబట్టి చెప్పకుండా పెట్టాలి. డబ్బు పట్టుకునే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. మా బావగారి విషయంలో అది మా అక్క కాకూడదు, బతిమాలితే రెండో రోజే ఇచ్చేస్తుంది. వాళ్ల అత్తగారైతే సరి.