ఇంజెక్షన్ గీసిన రెండో గీత

సంతానం కోసం చికిత్స తీసుకుంటున్న ఒక మహిళకు సోమవారం రాత్రి పది గంటలకు, అండం విడుదలయ్యేలా చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చారనుకుందాం. బుధవారం ఐయూఐ, అంటే వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే చికిత్స, అయింది. శనివారం తెల్లవారుజామున నిద్ర పట్టక లేచి, తెచ్చిపెట్టుకున్న టెస్ట్ కిట్‌తో పరీక్ష చేసుకుంది. రెండు గీతలు స్పష్టంగా వచ్చాయి. భర్తకు చెప్పింది, అమ్మకు ఫోన్ చేసింది. మళ్లీ బుధవారం చూసుకుంటే ఒకటే గీత. కడుపు పోయిందని ఏడ్చింది. మెట్లు ఎక్కినందుకా, బకెట్ ఎత్తినందుకా అని తనను తానే నిందించుకుంది. ఇక ఎందుకులే అని ప్రొజెస్టెరాన్ మాత్రలు మానేసింది.

నిజానికి ఆ శనివారం ఆమెకు గర్భం వచ్చినట్టూ కాదు, బుధవారం పోయినట్టూ కాదు. శనివారం కనిపించిన రెండో గీత ఇంజెక్షన్‌ది. ఈ ఒక్క మాట ఆమెకు ముందే ఎవరూ చెప్పకపోవడమే మా బాధ.

ట్రిగ్గర్ ఇంజెక్షన్‌గా ఎక్కువగా వాడే మందు హెచ్‌సీజీ. గర్భం నిలిచాక పిండం చుట్టూ ఏర్పడే కణాలు తయారుచేసే హార్మోన్ కూడా ఇదే. మూత్రంలో హెచ్‌సీజీ ఉందా లేదా అన్నదే ఇంట్లో చేసుకునే టెస్ట్ వెతుకుతుంది. 5,000 లేదా 10,000 యూనిట్ల డోసుల్లో వచ్చే పాత రకం మందును గర్భిణుల మూత్రం నుంచే శుద్ధి చేసి తీస్తారు. 250 మైక్రోగ్రాముల సిరంజిగా వచ్చే కొత్త రకాన్ని ల్యాబ్‌లో పెంచిన కణాల నుంచి తయారుచేస్తారు. రెండూ అదే హార్మోన్ కాబట్టి, అది సూది నుంచి వచ్చిందో పిండం నుంచి వచ్చిందో కిట్‌కు తెలిసే మార్గం లేదు. ఆ శనివారం కిట్ చెడిపోలేదు. ఉన్న హార్మోన్‌నే ఉన్నట్టు చూపింది.

మరి ఆ హార్మోన్‌ను ఎందుకు ఎక్కిస్తారు? అండం విడుదల కావాలంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పెరగాలి. హెచ్‌సీజీ దానికి దగ్గరి పోలిక, అండాశయంలో అదే తలుపు తడుతుంది. ఎల్‌హెచ్ కంటే ఎక్కువసేపు నిలుస్తుంది కూడా. సూది వేసిన 36 గంటల తర్వాత, కాస్త అటూ ఇటూగా, అండం విడుదలవుతుంది. ఐయూఐకి గానీ, ఐవీఎఫ్‌లో అండాలు తీయడానికి గానీ గంట లెక్కన సమయం చెప్పేది అందుకే.

పని అయిపోయాక ఆ మందు వెంటనే పోదు. రక్తంలో ఉన్నది సగం కావడానికి సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర రోజు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. మన ఉదాహరణలో మంగళవారం రాత్రికి మిల్లీలీటరు రక్తంలో 200 మిల్లీ యూనిట్లు ఉందనుకుందాం. ఒకటిన్నర రోజుకోసారి సగమైతే గురువారం ఉదయానికి 100, శుక్రవారం రాత్రికి 50 ఉంటుంది. శనివారం ఉదయం 40 పైనే. ఎక్కువ కిట్లు 25 దగ్గర గీత చూపిస్తాయి, కొన్ని అంతకంటే తక్కువకే చూపిస్తాయి. ఇక రెండో గీత రాకుండా ఎలా ఉంటుంది? తర్వాతి బుధవారం ఉదయానికి ఆ అంకె ఆరుకు పడిపోతుంది కాబట్టి గీత మాయమైంది. ఒంట్లో మందు మెల్లగా కరిగే వారికి, పెద్ద డోసు తీసుకున్న వారికి ఇది పది రోజులు, ఒక్కోసారి పద్నాలుగు రోజుల దాకా సాగుతుంది.

ఇప్పుడు పిండం వైపు నుంచి చూద్దాం. బుధవారం అండం విడుదలై ఫలదీకరణ జరిగినా, శనివారానికి అది కొద్ది కణాల ముద్ద మాత్రమే. ఇంకా ఫెలోపియన్ ట్యూబ్‌లోనే ఉంటుంది, గర్భాశయానికి చేరనే లేదు. గర్భాశయ గోడకు అంటుకునేది సాధారణంగా అండం విడుదలైన ఆరు నుంచి పది రోజుల మధ్య. అంటుకున్నాకే దాని హార్మోన్ తల్లి రక్తంలోకి చేరుతుంది, ఆ తర్వాతే మూత్రంలోకి. అంటే ఆమె కడుపు పోయిందనుకుని ఏడ్చిన ఆ బుధవారం, పిండం ఉండి ఉంటే అప్పుడప్పుడే అంటుకుంటూ ఉండవచ్చు. సరిగ్గా ఆ రోజే, గర్భాశయ గోడను నిలిపి ఉంచే మాత్రలను ఆమె ఆపేసింది. తొందరపడి చూసిన గీత చేసే అసలు నష్టం ఇదే. డాక్టర్ చెప్పకుండా ప్రొజెస్టెరాన్ మానవద్దని మేము మరీ మరీ చెప్పేది ఇందుకే.

ఒంటి లక్షణాలు చూసి తేల్చుకుందామన్నా కుదరదు. రొమ్ముల నొప్పి, కడుపు ఉబ్బరం, వికారం ప్రొజెస్టెరాన్ వల్ల కూడా వస్తాయి. నెలసరి ఆలస్యం కావడానికీ అదే కారణం కావచ్చు. కానీ టెస్ట్‌లో రెండో గీతను ప్రొజెస్టెరాన్ తేదు. అండాలు పెరగడానికి ఇచ్చే లెట్రోజోల్, క్లోమిఫీన్ మాత్రలు కూడా తేవు, వాటిలో హెచ్‌సీజీ లేదు. కొందరికి ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీకి బదులు ల్యూప్రోలైడ్ లేదా ట్రిప్టోరెలిన్ ఇస్తారు, వాటికీ ఈ చిక్కు లేదు. అందుకే తనకు వేసిన సూది పేరేమిటో ప్రతి మహిళకూ తెలియాలి. ఒక్క జాగ్రత్త: ఐయూఐ లేదా ఐవీఎఫ్ తర్వాత తోడుగా మళ్లీ 1,500 యూనిట్ల వంటి చిన్న హెచ్‌సీజీ డోసు ఇచ్చి ఉంటే, రోజుల లెక్క ఆ ఆఖరి సూది నుంచి మళ్లీ మొదలవుతుంది. బరువు తగ్గుతారంటూ హెచ్‌సీజీ సూదులు అమ్మేవాళ్లూ ఉన్నారు. వాటితో బరువు తగ్గుతుందనడానికి ఆధారం లేదు గానీ టెస్ట్‌లో గీత మాత్రం వస్తుంది.

కొందరు రోజూ టెస్ట్ చేసుకుంటూ, గీత వెలిసిపోయి మళ్లీ ముదురుతుందేమో చూస్తారు. ఆ ఆరాటం మాకు అర్థమవుతుంది. కానీ తాగిన నీళ్లను బట్టి గీత రంగు మారుతుంది, కిట్ కిట్‌కూ తేడా ఉంటుంది, టెన్షన్ పెరగడమే మిగులుతుంది. నమ్మదగింది రక్తపరీక్ష, అదీ 48 గంటల తేడాతో రెండుసార్లు. మొదట 8 వచ్చి తర్వాత 3 అయితే అది చాలావరకు పాత మందే. 18 వచ్చి 40 అయితే ఒంట్లో కొత్తగా తయారవుతోందన్నమాట. కరిగే మందు అంకె పెరగదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సూది వేసి రెండు వారాలు దాటాక వచ్చిన గీతను 'ఆ ఇంజెక్షన్‌దేలే' అని కొట్టిపారేయకూడదు. అప్పుడు అది గర్భమే కావచ్చు, ట్యూబ్‌లో నిలిచిన గర్భమూ కావచ్చు. ఒకవైపు పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫెర్టిలిటీ క్లినిక్‌లను మేము అడిగేది చిన్నదే. ట్రిగ్గర్ ఇచ్చిన రాత్రే చీటీ మీద నాలుగు విషయాలు ఆమె చదవగలిగే భాషలో రాసివ్వండి: మందు పేరు, డోసు, వేసిన తేదీ, 'ఫలానా తేదీ దాకా ఇంట్లో టెస్ట్ చేసుకోవద్దు' అన్న మాట. కిట్ల తయారీదారులు కూడా ఈ హెచ్చరికను లోపలి కాగితంలో చిన్న అక్షరాల మధ్య వదిలేయకుండా పెట్టె మీదే ముద్రించాలి. పెట్టె చింపాక ఆ కాగితం చదివేదెవరు? అప్పటికే ఆమె చూపు రెండో గీత కోసం వెతుకుతూ ఉంటుంది.