సేఫ్టీ వాల్వులకి లక్ష, జెట్ పంపుకి మాత్రం 'చూద్దాం'

పాశమైలారం వైపు ఒక ప్లాంట్‌లో షట్‌డౌన్ నడుస్తోంది, ప్లానింగ్ నాది. పొద్దున రివ్యూలో జరిగింది ఇంకా మింగుడుపడటం లేదు. షట్‌డౌన్‌లలో పనిచేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు ఇక్కడ, మీకు వేరే చెప్పక్కర్లేదు, అయినా రాస్తున్నా.

గోడ మీద చార్టు. సేఫ్టీ వాల్వుల వరసలో సున్నా శాతం. పెద్దసారు దాని మీద వేలు పెట్టి "ఇదేంటి, ఇంకా మొదలే కాలేదు?" అన్నారు. వాల్వులు విప్పి బాలానగర్ వర్క్‌షాప్‌కి అప్పుడే పంపాం, అక్కడ బెంచ్ మీద టెస్ట్ చేసి సెట్ చేసి పంపుతారు సార్, 48 గంటల ఫ్లోట్ ఉంది, అంతవరకు ఆలస్యమైనా ప్లాంట్ లేటవదు అన్నాను. వినలేదు. అక్కడికక్కడే ఫోన్ చేసి, రాత్రంతా పనిచేసి ఇవ్వడానికి లక్ష అదనంగా ఒప్పుకున్నారు. ఆ తర్వాత నేను ఎక్స్‌చేంజర్ ట్యూబుల్ని ప్రెషర్ నీళ్లతో కడిగే జెట్టింగ్‌కి రెండో పంపు అడిగాను, 60 వేలు. "జెట్టింగ్ బాగానే నడుస్తోంది కదా, చూద్దాం" అన్నారు.

లెక్క ఇదీ. ప్లాంట్ ఆపి, చల్లార్చి, పైపులు మూసే బ్లైండ్లు కొట్టేసరికి 24 గంటలు. అక్కడి నుంచి మూడు దారులు. ఎక్స్‌చేంజర్‌లో ట్యూబుల బండిల్ లాగడం 12, జెట్టింగ్ 24, ఎడ్డీ కరెంట్ పరీక్ష 12, పాడైన ట్యూబులు మార్చి, చివర్లు బిగిసేలా రోలింగ్ చేయడం 36, బండిల్ ఎక్కించడం 12, హైడ్రోటెస్ట్ 12. మొత్తం 108. కాలమ్‌లో మ్యాన్‌వేలు తెరవడం 12, క్లీనింగ్ 18, ట్రేల రిపేరు 48, ఇన్‌స్పెక్షన్, బాక్సప్ కలిపి 18. మొత్తం 96. వాల్వులు విప్పడం, టెస్ట్, మళ్లీ బిగించడం అన్నీ కలిపి 60. మూడూ అయ్యాక బ్లైండ్లు తీసి, లీక్ టెస్ట్ చేసి, స్టార్టప్‌కి ఇంకో 24. అందరికంటే పొడుగు దారి ఎక్స్‌చేంజర్‌ది. 24, 108, 24 కలిపితే 156 గంటలు. అదే క్రిటికల్ పాత్. కాలమ్‌కి 12 గంటల ఫ్లోట్, వాల్వులకి 48.

ఇప్పుడు చెప్పండి. వాల్వులు రేపే వచ్చి స్టోర్స్‌లో కూర్చుంటే ప్లాంట్ ఒక్క నిమిషం ముందు లేస్తుందా? ఆ లక్ష పెట్టి కొన్నది అప్పటికే మన దగ్గర ఉన్న ఖాళీ సమయాన్నే.

మేనేజ్‌మెంట్‌కి 24 గంటలు తగ్గాలి. తగ్గించొచ్చు, నేను రాసిచ్చాను కూడా. క్రిటికల్ దారిలో గంటకి ఎక్కడ తక్కువ ఖర్చో అక్కడ మొదలుపెట్టాలి. వాష్ బేలో బండిల్‌కి రెండు చివర్లా చోటుంది కాబట్టి రెండో పంపు పెడితే జెట్టింగ్ 24 నుంచి 12కి వస్తుంది. గంటకి 5 వేలు. 156 కాస్తా 144 అవుతుంది. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ఎక్స్‌చేంజర్ 12 గంటలు తగ్గగానే కాలమ్ ఫ్లోట్ సున్నా. అదీ క్రిటికలే. ఇక ట్యూబుల పని ఒక్కటే ఎంత తొందర చేసినా ప్లాంట్ 144 దగ్గరే ఆగుతుంది, కాలమ్ కోసం చూస్తూ. తర్వాతి 12 గంటలు కావాలంటే రెండింటినీ కలిపి తగ్గించాలి. ట్యూబులకి రెండో గ్యాంగ్ గంటకి 8 వేలు, ట్రేలకి రెండో గ్యాంగ్ గంటకి 7 వేలు, కలిపి 15 వేలు. ప్లాంట్ ఆగితే గంటకి 40 వేలు పోతోంది కాబట్టి అదీ లాభమే. మొత్తం 2 లక్షల 40 వేలకి 24 గంటలు. వాల్వుల ఫ్లోట్ అప్పటికీ ఇంకా 24 గంటలు మిగిలే ఉంటుంది!

ఈ క్రిటికల్ పాత్ లెక్క పుట్టిందే ఇలాంటి ప్లాంట్ల కోసం. 1950ల చివర్లో డ్యూపాంట్‌లో మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ నుంచి జేమ్స్ కెల్లీ కలిసి తయారుచేశారు. అమెరికాలో లూయివిల్ ప్లాంట్ షట్‌డౌన్‌కి వాడితే 125 గంటలు పట్టేది 93కి దిగింది. ఇన్నేళ్లయింది, మన రివ్యూల్లో ఇప్పటికీ శాతాలే చదువుతున్నారు.

ఫ్లోట్ గురించి ఇంకో బాధ. కాలమ్ క్లీనింగ్ సూపర్‌వైజర్ మధ్యాహ్నం వచ్చి "అన్నా, చార్టుల మాకు 12 గంటలు ఫ్లోట్ ఉంది గదా, మనుషులను రేపు దింపుతా" అన్నాడు. ట్రేల కాంట్రాక్టర్ వరసలోనూ అదే 12 కనిపిస్తుంది, అతనూ తనదే అనుకుంటాడు. అపార్ట్‌మెంట్‌కి వచ్చిన ఒకే ఒక్క నీళ్ల ట్యాంకర్‌ని ప్రతి ఫ్లాటూ పూర్తిగా తనదే అనుకున్నట్టు. ఆ 12 గంటలు మొత్తం దారివి. క్లీనింగ్ వాళ్లు వాడేస్తే ట్రేల వాళ్లకి మిగిలేది సున్నా. ఇద్దరూ వాడితే ప్లాంట్ 12 గంటలు లేటు, 4 లక్షల 80 వేలు. వెనకున్న పనిని కదపకుండా వాడుకోగల ఫ్లోట్ ఆ వరసలో చివరి బాక్సప్ పనికి తప్ప ఎవరికీ లేదు. అందుకే కాంట్రాక్టర్లకిచ్చే చార్టులో ఆ ఫ్లోట్ గడి తీసేసి, పని మొదలయ్యే టైమే పెట్టాలని మొత్తుకుంటున్నా. ఎవరు వింటారు?

అసలు డబ్బు పెట్టి టైమ్ తగ్గించే క్రాషింగ్ అంటే వీళ్లకి తెలిసింది ఒక్కటే. ఉన్న మనుషుల్నే ఇంకో షిఫ్ట్ ఆపడం. పోయిన షట్‌డౌన్‌లో అదే చేశారు. పగలంతా రోలింగ్ చేసిన కుర్రాళ్లనే రాత్రీ నిలబెట్టారు. కొత్త గ్యాంగ్‌కి గేట్ పాస్, మెడికల్, సేఫ్టీ ట్రైనింగ్ చేయించాలి కాబట్టి అదంతా ఎందుకన్నారు. తెల్లవారుజామున హైడ్రోటెస్ట్‌కి షెల్‌లో నీళ్లు నింపి ప్రెషర్ పెడితే గేజ్ ముల్లు నిలబడలేదు. ట్యూబ్ షీట్ మీద టార్చ్ వేసి చూస్తే కింది వరసల్లో ట్యూబ్ చివర్ల చుట్టూ సన్నగా తడి, తుడిచిన చోటే మళ్లీ చుక్క. రోలింగ్ సరిగా పట్టలేదు. ప్రెషర్ దించి, నీళ్లు వదిలి, మళ్లీ రోలింగ్, మళ్లీ టెస్ట్. మిగిలించిన గంటలకంటే పోయినవే ఎక్కువ. పైగా టెస్ట్‌లో ప్రెషర్ నిలిపి చూసే టైమ్ తగ్గించమన్నారు! మనుషుల్ని పెంచితే తగ్గే పని కాదది. చివరికి నింద ఎవరి మీద? "ప్లానింగ్‌లో హైడ్రోటెస్ట్‌కి టైమ్ సరిగ్గా పెట్టలేదు" అని రాశారు రిపోర్టులో. ఆ కుర్రాళ్లు ఎన్ని గంటలు నిలబడ్డారో అందులో ఒక్క లైను లేదు. అది నేను మర్చిపోను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది. పొద్దున తొమ్మిదికి మొదలైన జెట్టింగ్ సగం అయింది. పంపు పొద్దున్నే వచ్చుంటే 12 గంటలు తగ్గేవి. ఈ నిమిషం వచ్చినా ఒక పంపుకి మిగిలిన 12 గంటల పని రెండిటికి 6 అవుతుంది, అంటే తగ్గేది ఆరే. రేపు పొద్దున తొమ్మిదికి ఏమీ తగ్గదు, ఆ తర్వాత దొరికేది గంటకి 8 వేల ట్యూబుల పనే. పంపు వాడికి ఫోన్ చేసి అడిగాను, ఆర్డర్ రాతలో ఉంటే గంటన్నరలో పంపిస్తానన్నాడు. పెద్దసారుకి మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు.